విదేశీ సప్లయర్ స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ నోటు, డెబిట్ నోటు: ఏది ఎటు వేయాలి?

విజయవాడ ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పంపులు, సీల్ కిట్లు, ప్రెషర్ గేజ్‌లు దిగుమతి చేసుకుని అమ్మే ఒక సంస్థ ఉందనుకుందాం. సరుకు ఇటలీ నుంచి విమానంలో హైదరాబాద్‌కు వస్తుంది, అక్కడి నుంచి లారీలో ఆటోనగర్‌కు చేరుతుంది. మూడు నెలలకోసారి సప్లయర్ నుంచి మెయిల్‌లో స్టేట్‌మెంట్ వస్తుంది. ఇక్కడి ట్యాలీలో ఆ సప్లయర్‌కు ఇవ్వాల్సింది 16,550 యూరోలు. స్టేట్‌మెంట్ మాత్రం 17,100 అంటోంది. 550 యూరోల తేడా. ఇలాంటి చోట చాలామంది అకౌంటెంట్లు ఇన్‌వాయిస్‌లు, చెల్లింపులు టిక్ పెట్టి చూసి, మధ్యలో ఉన్న నోట్లను 'తర్వాత చూద్దాం' అని వదిలేస్తారు. తేడా దాదాపు ఎప్పుడూ ఆ నోట్లలోనే ఉంటుంది.

ముందు ఒక మూలసూత్రం స్థిరపరచుకోవాలి. స్టేట్‌మెంట్ అంటే సప్లయర్ పుస్తకాల్లో మన ఖాతా నకలు. అతని దృష్టిలో మనం బాకీదారులం. అందుకే డెబిట్ వైపు పడేదల్లా మన బాకీని పెంచుతుంది, క్రెడిట్ వైపు పడేదల్లా తగ్గిస్తుంది. మన లెడ్జర్‌లో అదే సప్లయర్‌కు మనం బాకీ ఉన్నాం కాబట్టి వైపులు తారుమారవుతాయి. సప్లయర్ క్రెడిట్ నోటు ఇస్తే మన పుస్తకాల్లో సప్లయర్ ఖాతాకు డెబిట్. సప్లయర్ డెబిట్ నోటు పంపితే మన పుస్తకాల్లో అతని ఖాతాకు క్రెడిట్. ట్యాలీ ప్రైమ్‌లో కొత్తగా చేరినవాళ్లు తడబడేది ఇక్కడే. చేతిలో ఉన్న కాగితం మీద క్రెడిట్ నోట్ అని ఉంది కదా అని Alt+F6 నొక్కి క్రెడిట్ నోట్ వోచర్ వేస్తారు. కొనుగోలుకు సంబంధించిన ఆ కాగితం Alt+F5 డెబిట్ నోట్ వోచర్‌లోకి వెళ్లాలి. తప్పు వైపు వేసిన నోటు తేడాను రెండింతలు చేస్తుంది. అందుకే దొరకని తేడాను ముందు రెండుతో భాగించి చూడాలి. వచ్చిన అంకె ఏదైనా నోటు మొత్తంతో సరిపోతే ఆ నోటు వైపు తప్పి పడిందని అనుమానించవచ్చు.

ఇక ఆ స్టేట్‌మెంట్‌నే చూద్దాం. అక్టోబర్ నుంచి డిసెంబర్ 2025 వరకు, అంకెలన్నీ యూరోల్లో:

| తేదీ | వివరం | డెబిట్ | క్రెడిట్ | నిల్వ |
|---|---|---|---|---|
| 01.10 | ప్రారంభ నిల్వ | 4,200 | | 4,200 |
| 10.10 | ఇన్‌వాయిస్ 1147 | 18,600 | | 22,800 |
| 24.10 | చెల్లింపు అందింది | | 4,175 | 18,625 |
| 03.11 | డెబిట్ నోటు 31 | 640 | | 19,265 |
| 18.11 | క్రెడిట్ నోటు 212 | | 1,550 | 17,715 |
| 02.12 | డెబిట్ నోటు 36 | 25 | | 17,740 |
| 15.12 | క్రెడిట్ నోటు 219 | | 640 | 17,100 |

అసలు కాగితం ఇంత శుభ్రంగా ఉండదు. ఇటలీ, జర్మనీ సంస్థలు అంకెల్లో చుక్క, కామాలను మన పద్ధతికి తలకిందులుగా వాడతాయి. క్రెడిట్ నోటు 212 అక్కడ 1.550,00 అని అచ్చయి ఉంటుంది. దాన్ని ఎక్సెల్‌లోకి కాపీ చేస్తే అంకెగా కాకుండా అక్షరాలుగా కూర్చుంటుంది, కూడికలోకి రాదు. కొందరు డెబిట్, క్రెడిట్‌లకు వేరువేరు గడులు ఇవ్వకుండా ఒకే గడిలో క్రెడిట్‌లకు మైనస్ గుర్తు పెడతారు. అది అంకెకు ముందు కాక వెనక ఉండే స్టేట్‌మెంట్లు కూడా ఉంటాయి. నిల్వ గడిని ఒక్కో వరుసా చేత్తో కూడుకుంటూ పోతే ఏది పెంచుతోందో, ఏది తగ్గిస్తోందో పేరుతో పని లేకుండా తెలిసిపోతుంది.

ఇటువైపు మన లెడ్జర్‌లో ఉన్నది చాలా తక్కువ. పాత బాకీ 4,200 పూర్తిగా కట్టేశాం కాబట్టి అది సున్నా. ఇన్‌వాయిస్ 1147 కింద 18,600. సరుకు విప్పాక 25 సీల్ కిట్లు తక్కువ వచ్చాయి, ఒక్కోటి 62 యూరోలు, అంటే 1,550. పది ప్రెషర్ గేజ్‌ల అద్దాలు పగిలి ఉన్నాయి, ఒక్కోటి 50 యూరోలు, అంటే 500. రెండూ కలిపి 2,050కి నవంబర్ 5న మనం డెబిట్ నోటు రాసి పంపాం. 18,600లో 2,050 పోతే 16,550.

మనం రాసిన డెబిట్ నోటు నిజానికి ఒక క్లెయిమ్. సప్లయర్ ఒప్పుకుని తన వైపు క్రెడిట్ నోటు తీసేదాకా అది అతని స్టేట్‌మెంట్‌లో కనిపించదు. మన డెబిట్ నోటుకు జోడీ అతని క్రెడిట్ నోటు. ఇక్కడ 2,050కి జోడీగా వచ్చింది 1,550 మాత్రమే. అంటే కిట్ల కొరత ఒప్పుకున్నారు, గేజ్‌ల పగులు ఒప్పుకోలేదు. తేడాలో 500 ఇక్కడ దొరికింది.

గేజ్‌ల విషయంలో సప్లయర్ వాదన సరైనదే కావచ్చు. ఆర్డర్ షరతు ఎఫ్‌సీఏ మిలాన్ అని ఉంటే, అక్కడ విమాన రవాణా సంస్థకు సరుకు అప్పగించిన క్షణం నుంచి రిస్క్ కొనుగోలుదారుదే. ప్యాకింగ్ లోపమని ఫోటోలతో చూపగలిగితే తప్ప దారిలో పగిలినదానికి సప్లయర్ బాధ్యుడు కాడు. అప్పుడు ఆ 500 అడగాల్సింది బీమా కంపెనీని, లేదా రవాణా సంస్థను. విమాన సరుకు పాడైతే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, అందుకున్న రోజు నుంచి 14 రోజుల్లోపు రవాణా సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేరాలి. సప్లయర్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. అందుకే కొరతకూ పగులుకూ కలిపి ఒకే డెబిట్ నోటు రాయకూడదు. కొరతకు ఒకటి, పగులుకు ఒకటి విడిగా రాస్తే ఒప్పుకున్నది ఏదో, వేలాడుతున్నది ఏదో లెడ్జర్‌లోనే కనిపిస్తుంది. ఇప్పుడు చేయాల్సింది 500 మేరకు మన డెబిట్ నోటును తిరగవేయడం. బీమాకు క్లెయిమ్ పెట్టి ఉండి, అది వస్తుందన్న ఆధారం ఉంటే ఆ మొత్తం బీమా క్లెయిమ్ ఖాతాలోకి వెళ్తుంది, లేకపోతే నష్టంలోకి.

మిగిలిన 50 యూరోలు రెండు పాతికలు. ఇది చిన్న మొత్తమే, కానీ నోట్లు ఎలా రెట్టింపు భారం వేస్తాయో ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ దొరకదు. అక్టోబర్‌లో మనం పంపింది 4,200. స్విఫ్ట్ సందేశంలో చార్జీల షరతు SHA అని ఉండటంతో మధ్యలోని కరస్పాండెంట్ బ్యాంకు 25 కోసుకుంది. సప్లయర్ చేతికి 4,175 వచ్చింది. అతను తన పుస్తకాల్లో అందినదే జమ వేశాడు. దాంతో 25 యూరోల బాకీ దానంతటదే మిగిలిపోయింది. దానికి వేరే కాగితం అక్కర్లేదు. అయినా డిసెంబర్ 2న వాళ్ల ఆఫీసులో ఇంకెవరో బ్యాంకు చార్జీల కింద డెబిట్ నోటు 36 తీశారు. అంటే అదే పాతిక రెండోసారి పడింది. చెల్లింపును 4,200గా జమ వేసి డెబిట్ నోటు తీస్తే ఒప్పు. 4,175 జమ వేసి నోటు తీయకపోయినా ఒప్పు. రెండూ ఒకేచోట ఉంటే తప్పు. స్టేట్‌మెంట్‌లో బ్యాంకు చార్జీల డెబిట్ నోటు కనబడగానే పైన చెల్లింపు వరుసకు వెళ్లి, మనం పంపిన మొత్తమే ఉందా, తగ్గి ఉందా అని చూడాలి. ఒక పాతిక మనం బ్యాంకు చార్జీల ఖర్చుగా ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆర్డర్ షరతును బట్టి ఉంటుంది. రెండో పాతిక మాత్రం సప్లయర్ రద్దు చేయాల్సిందే.

500, 25, 25 కలిపి 550. తేడా పూర్తయింది. కానీ స్టేట్‌మెంట్‌లో ఇంకో రెండు వరుసలు మిగిలాయి, 31 నంబరు డెబిట్ నోటు, 219 నంబరు క్రెడిట్ నోటు. రెండూ 640. ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి కాబట్టి తేడాలో కనిపించవు. అందుకే ఇవి ప్రమాదకరం.

జరిగింది ఇది: ఎఫ్‌సీఏ షరతు మీద విమాన కిరాయి హైదరాబాద్ ఫార్వర్డర్‌కు మనమే కట్టాం. సప్లయర్ పొరపాటున అదే కిరాయికి 640 డెబిట్ నోటు తీశాడు, అభ్యంతరం చెప్పాక క్రెడిట్ నోటుతో రద్దు చేశాడు. మన పుస్తకాల్లో డెబిట్ నోటు 31 ఎక్కలేదు, ఎక్కాల్సిన అవసరమూ లేదు. కానీ డిసెంబర్‌లో క్రెడిట్ నోటు 219 విడిగా మెయిల్‌లో వచ్చినప్పుడు, దాని మీద ఉన్న విషయం చదవకుండా 'సప్లయర్ 640 తగ్గించాడు' అని కొనుగోలు తగ్గిస్తూ ఎంట్రీ వేస్తే మన బాకీ 640 తక్కువ చూపుతుంది. తర్వాతి చెల్లింపులో ఆ మేరకు తక్కువ పంపుతాం, సప్లయర్ గుర్తుచేస్తాడు, బ్యాంకులో మళ్లీ చిన్న రెమిటెన్స్, మళ్లీ చార్జీలు. సాధారణంగా క్రెడిట్ నోటు మీద అది దేనికి సంబంధించిందో రిఫరెన్స్ నంబరు ఉంటుంది. అది ఇన్‌వాయిస్ నంబరు అయితే కొనుగోలు తగ్గింపు, డెబిట్ నోటు నంబరు అయితే రద్దు. రద్దు నోటును రెండు విధాలుగా చూడవచ్చు: రెండు నోట్లూ ఎక్కించడం, లేదా రెండూ వదిలేయడం. ఒకటి ఎక్కించి ఒకటి వదిలేయడం కుదరదు. రెండూ ఎక్కించడమే మేలు. ఆడిట్‌లో స్టేట్‌మెంట్ పక్కన లెడ్జర్ పెట్టినప్పుడు వరుసకు వరుస సరిపోతుంది.

ఒకవేళ ఆ 640 న్యాయమైనదే అయి ఉంటే కథ వేరు. ఉదాహరణకు ఇన్‌వాయిస్‌లో వేయడం మరిచిపోయిన ప్యాకింగ్ ఖర్చు అనుకుందాం. దిగుమతి సరుకు విలువ నిర్ణయించే 2007 నాటి కస్టమ్స్ నిబంధనల్లో 10వ నిబంధన ప్రకారం ప్యాకింగ్ ఖర్చు సరుకు విలువలో భాగం. బిల్ ఆఫ్ ఎంట్రీలో చూపిన విలువ ఆ మేరకు తక్కువైనట్టే. సప్లయర్ డెబిట్ నోటును మన లెడ్జర్‌లో వేసుకుని ఊరుకుంటే సరిపోదు. కస్టమ్స్ ఏజెంటుకు చెప్పి తగ్గిన సుంకాన్ని వడ్డీతో కట్టుకోవాలి. సప్లయర్ డెబిట్ నోటు వచ్చిన ప్రతిసారీ కస్టమ్స్‌కు చూపిన విలువ మారుతుందా అన్న ప్రశ్న వేసుకోవాలి. ఆలస్యానికి వడ్డీ, బ్యాంకు చార్జీల్లాంటివైతే సాధారణంగా సరుకు ధరతో సంబంధం ఉండదు.

ఇప్పుడు జీఎస్టీ. దేశీయ సప్లయర్ల నోట్లకు అలవాటుపడిన కళ్లు ఇక్కడ పొరబడతాయి. సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ కింద నోట్లు ఇచ్చేది ఇక్కడ రిజిస్టర్ అయిన సప్లయర్. ఇటలీ సంస్థకు ఇక్కడ రిజిస్ట్రేషన్ లేదు. అతని క్రెడిట్ నోటు జీఎస్టీఆర్-2బీలో ఎన్నిసార్లు వెతికినా రాదు. దిగుమతికి ఇన్‌పుట్ క్రెడిట్ ఆధారం బిల్ ఆఫ్ ఎంట్రీ. కస్టమ్స్‌కు కట్టిన ఐజీఎస్టీ ఆ దారిలోనే 2బీలోకి వస్తుంది. కాబట్టి ట్యాలీలో 1,550కి డెబిట్ నోట్ వోచర్ వేసేటప్పుడు ఐజీఎస్టీ వరుస దానంతటదే వచ్చి కూర్చోకుండా చూడాలి. కొనుగోలు లెడ్జర్‌లో జీఎస్టీ వివరాలు పెట్టి ఉంటే సాఫ్ట్‌వేర్ దేశీయ రిటర్న్ అనుకుని పన్ను లెక్క కట్టేస్తుంది.

అయితే ఈ ఉదాహరణలో ఒక మెలిక ఉంది. నాణ్యత బాగాలేదని ధర తగ్గించి ఇచ్చిన క్రెడిట్ నోటు వేరు, సరుకే రాలేదని ఇచ్చింది వేరు. మొదటిదానిలో సరుకు చేతికి వచ్చింది, పన్ను కస్టమ్స్‌కు కట్టేశాం, బిల్ ఆఫ్ ఎంట్రీ ప్రకారం తీసుకున్న క్రెడిట్‌ను నోటు కదిలించదు. రెండోదానిలో 25 కిట్లు అసలు మన గోడౌన్‌కు చేరలేదు. సరుకు అందితేనే క్రెడిట్ అని సీజీఎస్టీ చట్టం సెక్షన్ 16(2)(బి) చెబుతోంది. ఆ 25 కిట్ల మీద పడిన ఐజీఎస్టీని క్రెడిట్‌గా ఉంచుకోవడం నిలబడదు, దాన్ని వెనక్కి వేసుకోవాలి. అదే కిట్ల మీద కట్టిన కస్టమ్స్ సుంకం సంగతి ఇంకా చిక్కు. సరుకు విడుదలకు ముందే కొరత కంటపడితే ఏజెంటు ద్వారా అక్కడే నమోదు చేయించవచ్చు. ఆటోనగర్‌లో పెట్టె విప్పాక తెలిస్తే రిఫండ్ దారి ఇరుకు. బిల్ ఆఫ్ ఎంట్రీలోని అసెస్‌మెంట్ మారకుండా రిఫండ్ అడగలేరని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు విడుదలయ్యాక కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ అడగాలంటే, విడుదల నాటికే ఉన్న పత్రాల ఆధారం కావాలి. నవంబర్ 18 నాటి క్రెడిట్ నోటు ఆ కోవలోకి రాదు. అందువల్ల ఆ సుంకం మొత్తాన్ని కూడా సప్లయర్ మీద క్లెయిమ్‌లో చేర్చి అడగడం తెలివైన పని. చాలామంది సరుకు ధర ఒక్కటే అడిగి ఊరుకుంటారు.

తర్వాత వచ్చే ప్రశ్న, ఏ మారకపు రేటుతో వేయాలి? లెక్క తేలికగా ఉండటానికి అక్టోబర్ 10న యూరో 100 రూపాయలు, నవంబర్ 18న 103 అనుకుందాం. కిట్లను 100 చొప్పున కొనుగోలులో వేశాం, అంటే 1,55,000 రూపాయలు. క్రెడిట్ నోటును 103 లెక్కన వేస్తే కొనుగోలు 1,59,650 తగ్గుతుంది. రాని కిట్ల విలువతో పాటు వచ్చిన సరుకు ఖరీదులోంచి కూడా 4,650 రూపాయలు మాయమవుతుంది. ఒక ఇన్‌వాయిస్‌కు చెందిన నోటును ఆ ఇన్‌వాయిస్ రేటుతోనే వేస్తే ఈ బెడద లేదు. ట్యాలీలో Agst Ref ఎంచుకుని 1147కు జత చేయాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ మీద ఉండే కస్టమ్స్ రేటును సప్లయర్ ఖాతాకు వాడకూడదు, అది సుంకం లెక్కకు మాత్రమే.

మధ్యలో మార్చి 31 వచ్చి, ఏఎస్ 11 ప్రకారం బాకీని ఆనాటి రేటుకు మార్చి ఉంటే ఒక మెట్టు ఎక్కువ. మార్చి 31న 103 రేటుతో బాకీ పెంచి, ఆ 1,550 యూరోల మీద 4,650 నష్టం చూపి ఉన్నామనుకోండి. ఏప్రిల్‌లో క్రెడిట్ నోటు వస్తే సప్లయర్ ఖాతాకు 1,59,650 డెబిట్, కొనుగోలుకు 1,55,000 క్రెడిట్, మారకపు లాభానికి 4,650 క్రెడిట్. ఏ ఇన్‌వాయిస్‌కూ చెందని ఏడాది చివరి రిబేటు క్రెడిట్ నోటైతే దాని తేదీ నాటి రేటే సరి.

చివరికి చెల్లింపు. సరిదిద్దిన లెక్క ప్రకారం సప్లయర్ నిల్వ 17,100లోంచి రెండోసారి పడిన 25 తీసేస్తే 17,075. మన వైపు 16,550కి తిరగవేసిన 500, ఒప్పుకున్న బ్యాంకు చార్జీ 25 కలిపితే అదే 17,075. ఇందులో ఇన్‌వాయిస్ 1147 కింద వెళ్లేది 17,050, అంటే 18,600లోంచి క్రెడిట్ నోటు 212 పోగా మిగిలింది. బ్యాంకుకు ఇచ్చే లేఖలో ఈ తీసివేతను ఇదే క్రమంలో రాసి, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ ఎంట్రీతో పాటు క్రెడిట్ నోటు ప్రతి కూడా జతచేయాలి. కారణం ఐడీపీఎంఎస్. దిగుమతుల చెల్లింపులను గమనించేందుకు రిజర్వ్ బ్యాంకు నడిపే ఆ వ్యవస్థలో బిల్ ఆఫ్ ఎంట్రీ 18,600కి నమోదై ఉంటుంది. 17,050 పంపితే 1,550 తెరిచే ఉండిపోతుంది. కొరత, నాణ్యత లోపం లాంటి కారణాలతో బాకీ తగ్గితే పత్రాలు చూసి బ్యాంకు దాన్ని మూయగలదు. పత్రం అందకపోతే అది పెండింగ్ జాబితాలో ఉండి, తర్వాత ఇంకో దిగుమతికి డబ్బు పంపే రోజున బ్యాంకు అధికారి నోట వినబడుతుంది.

క్రెడిట్ నోటును వాడుకునే ముందు ఇంకో మాట. సప్లయర్ వైపు నోటు 212ను ఇన్‌వాయిస్ 1147కు జత చేయకుండా విడిగా ఉంచేస్తే, గడువు మీరిన బాకీల జాబితాలో 18,600 పూర్తిగా కనిపిస్తూ ఉంటుంది. దాని మీద ఆలస్య వడ్డీకి కొత్త డెబిట్ నోటు పుట్టవచ్చు. చెల్లింపు పంపిన రోజే రెమిటెన్స్ వివరం సప్లయర్‌కు మెయిల్ చేసి, '1147లో 212 సర్దుబాటు చేయండి, డెబిట్ నోటు 36 రద్దు చేసి దాని క్రెడిట్ నోటు పంపండి' అని రెండే వాక్యాలు స్పష్టంగా రాయాలి. ఆ క్రెడిట్ నోటు వచ్చాక దాన్ని 219లాగే రద్దు నోటుగా గుర్తించి, 36తో కలిపి జంటగా ఎక్కించుకోవాలి.